జర్మన్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి ఫోన్ చేయాలి: ఏం మాట్లాడాలి, అర్థం కాకపోతే మళ్లీ ఎలా అడగాలి?

సాయి_కెమ్నిట్స్
అందరికీ నమస్కారం. కెమ్నిట్స్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. జర్మన్ ఏ2 అయింది, షాపుల్లో, ట్రామ్‌లో బండి లాగించేస్తున్నాను. ఫోన్ దగ్గరే చేతులెత్తేస్తున్నా. నడుం నొప్పి ఎంతకీ తగ్గట్లేదు, ఇక్కడ ఒక హౌస్‌ఆర్ట్స్ట్‌కి, అంటే ఫ్యామిలీ డాక్టర్‌కి, చూపించుకోవాలి. వాళ్ల వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ బుకింగ్ లేదు, నంబర్ ఒక్కటే ఉంది.

నా వాక్యం బట్టీ పట్టాను: "ఇష్ మ్యోష్టె ఐనెన్ టెర్మీన్ ఫెర్‌ఐన్‌బారెన్". అది బాగానే చెబుతాను. ఆ వెంటనే అవతల ఆవిడ గబగబా ఏదో అడుగుతుంది, అంతే, నా పని ఖాళీ. "నోఖ్‌మాల్ బిట్టె" అంటే అదే స్పీడులో మళ్లీ అంటుంది. మొత్తం సంభాషణ ఎవరైనా రాసిపెడతారా? తెలుగు లిపిలో, చెవికి ఎలా వినపడుతుందో అలా రాస్తే ఇంకా మేలు.

మిర్చిబజ్జీ_బెర్లిన్
ఫోన్ టెన్షన్ ఎందుకు బ్రో? డాక్టోలిబ్ యాప్‌లో బుక్ చేసుకో. నేనైతే ఎప్పుడూ అంతే. అందులో లేకపోతే ఇంగ్లిష్‌లో మాట్లాడెయ్, ఇక్కడ డాక్టర్లందరికీ ఇంగ్లిష్ వస్తుంది.

పద్మజ_న్యూర్న్‌బెర్గ్
మిర్చిబజ్జీ గారూ, డాక్టర్‌కి ఇంగ్లిష్ వస్తే రావచ్చు, కానీ ఫోన్ ఎత్తేది డాక్టర్ కాదు. ఎత్తేది నాలాంటి వాళ్లం, ఎమ్ఎఫ్ఏలం, అంటే డాక్టర్ దగ్గర పనిచేసే అసిస్టెంట్లం. ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో కార్డు రీడర్, ఎదురుగా క్యూ. స్పీడుగా మాట్లాడేది అందుకే, కోపం ఉండి కాదు. యాప్ మంచిదే, పెద్ద ఊళ్లలో బాగా పనిచేస్తుంది. కానీ చాలా హౌస్‌ఆర్ట్స్ట్ ప్రాక్సిస్‌లు, అంటే క్లినిక్‌లు, కొత్త పేషెంట్లకి స్లాట్లు అందులో పెట్టవు, ఫోన్‌లోనే తేల్చుకుంటాయి.

సాయీ, నువ్వు నీ వాక్యం బట్టీ పట్టావు. నేర్చుకోవాల్సింది మా వాక్యాలు తమ్ముడూ. మేము అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు, వరుస కూడా కాస్త అటూ ఇటూగా అదే. ఇంతకుముందు మా దగ్గరికి వచ్చారా, సమస్య ఏంటి, ఇన్సూరెన్స్ ఏది, ఫలానా రోజు కుదురుతుందా, పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబర్. ఇంతే. వచ్చే ప్రశ్న ముందే తెలిస్తే అందులో సగం మాటలు వినపడకపోయినా జవాబు చెప్పేయొచ్చు.

మామూలు కాల్ ఒకటి రాస్తున్నా. నీ ఇంటిపేరు వేమూరి అనుకుందాం.

ప్రాక్సిస్: హౌస్‌ఆర్ట్స్ట్‌ప్రాక్సిస్, గూటెన్ మోర్గెన్, వాస్ కాన్ ఇష్ ఫ్యూర్ జీ టూన్?
నువ్వు: గూటెన్ మోర్గెన్, మైన్ నామె ఇస్ట్ వేమూరి. ఇష్ హెట్టె గెర్న్ ఐనెన్ టెర్మీన్.
ప్రాక్సిస్: వారెన్ జీ షోన్ మాల్ బై ఉన్స్?
నువ్వు: నైన్, నోఖ్ నిష్ట్. నేమెన్ జీ నోయె పాట్సియెంటెన్ ఔఫ్?
ప్రాక్సిస్: యా. వోరుమ్ గేట్ ఎస్ డెన్?
నువ్వు: ఇష్ హాబె జైట్ ట్స్వై వోఖెన్ ర్యూకెన్‌ష్మెర్ట్సెన్.
ప్రాక్సిస్: జిండ్ జీ గెజెట్స్‌లిష్ ఓడర్ ప్రివాట్ ఫెర్‌జిషెర్ట్?
నువ్వు: గెజెట్స్‌లిష్.
ప్రాక్సిస్: గూట్, డాన్ హెట్టె ఇష్ ఆమ్ మిట్‌వోఖ్, డెమ్ ఫియర్‌ట్సేన్‌టెన్, ఉమ్ హాల్ప్ నోయ్న్ నోఖ్ వాస్ ఫ్రై.
నువ్వు: ఎంట్‌షుల్డిగుంగ్, మిట్‌వోఖ్ హాబె ఇష్ ఫెర్‌ష్టాండెన్. ఉమ్ వీ ఫీల్ ఊర్, బిట్టె?
ప్రాక్సిస్: హాల్ప్ నోయ్న్.
నువ్వు: అల్జో అఖ్ట్ ఊర్ డ్రైసిష్?
ప్రాక్సిస్: గెనౌ.
నువ్వు: దాస్ పాస్ట్ గూట్.
ప్రాక్సిస్: ఈరెన్ నామెన్ నోఖ్‌మాల్, బిట్టె, ఉంట్ దాస్ గెబూర్ట్స్‌డాటుమ్?

తర్వాత పేరు స్పెల్లింగ్, ఫోన్ నంబర్ ఉంటాయి. చివర్లో "బ్రింగెన్ జీ బిట్టె ఈరె ఫెర్‌జిషెర్టెన్‌కార్టె మిట్" అంటాం, ఇన్సూరెన్స్ కార్డు తెచ్చుకోమని. నువ్వు "మాఖె ఇష్, ఫీలెన్ డాంక్, ఔఫ్ వీడర్‌హ్యోరెన్" అని పెట్టేయొచ్చు. ఎదురెదురుగా ఉన్నప్పుడు ఔఫ్ వీడర్‌జేయెన్, ఫోన్‌లో వీడర్‌హ్యోరెన్.

"వోరుమ్ గేట్ ఎస్" దగ్గర చాలామంది తడబడతారు. సమస్య ఏంటని అడుగుతున్నాం, నీ చరిత్రంతా అక్కర్లేదు. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి, అంతే. దాన్ని బట్టే ఇవాళ రమ్మనాలా, వచ్చే వారం చూడొచ్చా అని తేలుస్తాం. ఇన్సూరెన్స్ ప్రశ్నకి నీకు జవాబు సులువే. 30 ఏళ్లలోపు స్టూడెంట్లలో ఎక్కువమందికి గెజెట్స్‌లిష్‌యే, అంటే ప్రైవేట్ కాని చట్టబద్ధ ఇన్సూరెన్సే ఉంటుంది.

సాయి_కెమ్నిట్స్
అక్కా, చాలా థాంక్స్. "నేమెన్ జీ నోయె పాట్సియెంటెన్ ఔఫ్" అని నేను ముందే ఎందుకు అడగాలి? వాళ్లే చెప్పరా?

పద్మజ_న్యూర్న్‌బెర్గ్
చెబుతారు, కానీ ఎప్పుడు చెబుతారో తెలీదు. నొప్పి గురించి, ఇన్సూరెన్స్ గురించి చెమటలు కక్కుతూ చెప్పాక కొత్తవాళ్లని తీసుకోవట్లేదంటే ఇద్దరికీ టైమ్ దండగ.

ఇంకోటి, ఇది నిజంగా ముఖ్యం. "నోఖ్‌మాల్ బిట్టె" అన్నావంటే నీకు ఏం అందలేదో మాకు తెలీదు. అందుకే మొత్తం వాక్యం అదే స్పీడులో మళ్లీ చెప్పేస్తాం. లైన్ సరిగ్గా లేక వినపడకపోతే "ఇష్ హాబె జీ అకుస్టిష్ నిష్ట్ ఫెర్‌ష్టాండెన్" అను. చాలా మర్యాదైన మాట, తప్పు లైన్ మీదికి పోతుంది. కానీ నీ ఇబ్బంది స్పీడు అయితే ఇది వాడకు. వినపడలేదనుకుని గట్టిగా చెబుతాం, నెమ్మదిగా కాదు. స్పీడుకి వేరే మాట ఉంది: "క్యోన్‌టెన్ జీ బిట్టె ఎట్వాస్ లాంగ్‌జామర్ ష్ప్రెషెన్?"

అన్నిటికన్నా బాగా పనిచేసేది పై కాల్‌లో నువ్వు చేసిన పని. అందిన ముక్క చెప్పు, అందని ముక్క ఒక్కటే అడుగు. రోజు అందకపోతే "ఆన్ వెల్‌షెమ్ టాగ్?", టైమ్ అందకపోతే "ఉమ్ వీ ఫీల్ ఊర్?" అప్పుడు జవాబు ఒకటి రెండు మాటల్లోనే వస్తుంది, అంత చిన్న జవాబుని గబగబా చెప్పాలన్నా కుదరదు.

నిజామాబాద్_బాబు
ఇంత ఎందుకు? "వాస్?" అంటే సరిపోదా? మా ఆఫీసులో జర్మన్లు ఒకళ్లనొకళ్లు అలాగే అడుక్కుంటారు.

పద్మజ_న్యూర్న్‌బెర్గ్
కొలీగ్స్ మధ్య నడుస్తుంది బాబూ. ముక్కూమొహం తెలీని మనిషితో ఫోన్‌లో "వాస్?" అంటే "ఏంటీ?" అని కసిరినట్టు ఉంటుంది. ఒక్క మాటలో అడగాలంటే "వీ బిట్టె?" అనండి. అంతే పొట్టి, మర్యాద పోదు.

అసలు ప్రమాదం వాస్ కాదు, అర్థం కాకుండా "యా, యా" అనడం. "వచ్చేముందు ఏమీ తినకండి, న్యూష్టర్న్ రావాలి" అని చెబుతాం రక్తపరీక్షకి. యా యా అంటారు. మర్నాడు పొద్దున్నే శుభ్రంగా టిఫిన్ చేసి వస్తారు. మళ్లీ ఇంకో రోజు రావాల్సిందే.

కిరణ్_లైప్‌త్సిగ్
స్పెల్లింగ్ గురించి నేను చెబుతా, మనవాళ్లకి అసలు దెబ్బ పడేది అక్కడే. ఇంగ్లిష్ అక్షరాలు చెప్పారంటే పేరు మారిపోతుంది. మనం ఇంగ్లిష్‌లో "ఈ" అంటే వాళ్లు ఐ అక్షరం రాస్తారు, ఎందుకంటే జర్మన్‌లో ఐ అక్షరాన్ని పలికేది "ఈ" అనే. మనం "ఏ" అంటే వాళ్లు E అక్షరం రాస్తారు. వేమూరిని "వీ, ఈ, ఎమ్, యూ, ఆర్, ఐ" అని చెబితే అవతలివాళ్లు ఏం రాసుకుంటారో దేవుడికే తెలియాలి.

జర్మన్‌లో వేమూరి ఇలా: ఫౌ, ఏ, ఎమ్, ఊ, ఎర్, ఈ. ఇంకా గట్టిగా ఉండాలంటే ఒక్కో అక్షరానికి ఒక పేరు జోడిస్తారు: ఫౌ వీ విక్టర్, ఏ వీ ఏమిల్, ఎమ్ వీ మార్టా, ఊ వీ ఉల్రిష్, ఎర్ వీ రిషార్ట్, ఈ వీ ఈడా. 2022లో డీఐఎన్ స్టాండర్డ్ మార్చి మనుషుల పేర్ల బదులు ఊళ్ల పేర్లు పెట్టారు. ఆ లెక్కన ఫౌ వీ ఫ్యోల్‌క్లింగెన్, ఏ వీ ఎస్సెన్, ఎమ్ వీ మ్యూన్షెన్. అదే అధికారికం కాబట్టి అదే వాడాలి.

పద్మజ_న్యూర్న్‌బెర్గ్
ఆ స్టాండర్డ్ ఆఫీసు ఉత్తరప్రత్యుత్తరాల కోసం కిరణ్. ఫోన్‌లో ఎవరికి అలవాటైంది వాళ్లు చెబుతారు. మా ప్రాక్సిస్‌లో ఇప్పటికీ ఆంటోన్, బెర్టానే వింటున్నా. నీ పేరులో ఉన్న ఐదారు అక్షరాలకి ఏదో ఒకటి కాగితం మీద రాసుకుని ఫోన్ పక్కన పెట్టుకో సాయీ, చాలు. ఇంటిపేరులో ఒకే అక్షరం రెండుసార్లు పక్కపక్కన వస్తే, రెడ్డిలో లాగా, "డోప్పెల్-డే" అంటే సరి. చివరి వై "యుప్సిలోన్".

ఒక అక్షరం తేడా పడినా కొంప మునగదు. పుట్టిన తేదీతో వెతుక్కుంటాం. నువ్వు వచ్చాక కార్డు పెడితే అసలు పేరు ఎలాగూ వస్తుంది. అందుకే తేదీ మాత్రం తప్పు పోకూడదు. జర్మన్‌లో 27 అంటే ఏడు ముందు, ఇరవై తర్వాత. 27.03.1998 ఉందనుకో, "జీబెన్‌ఉంట్‌ట్స్వాన్‌ట్సిష్‌స్టర్ డ్రిట్టర్ అఖ్ట్‌ఉంట్‌నోయ్న్‌ట్సిష్". దీన్ని మాత్రం నిద్రలో లేపి అడిగినా వచ్చేలా పట్టు. ఫోన్ నంబర్ అయితే ఒక్కో అంకె విడిగా చెప్పు. రెండుని "ట్స్వో" అంటే ఇంకా మంచిది, "ట్స్వై" ఫోన్‌లో "డ్రై"లా వినపడుతుంది.

లావణ్య_ఫ్రాంక్‌ఫుర్ట్
నాదీ ఇలాంటిదే. మా నాన్నగారు హైదరాబాద్ నుంచి వచ్చారు, షుగర్ మాత్రలు అయిపోవస్తున్నాయి, ప్రిస్క్రిప్షన్ కావాలి. ఫోన్ చేస్తే గెజెట్స్‌లిష్ ఆ, ప్రివాట్ ఆ అని అడిగారు. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అని "ప్రివాట్" అన్నాను. అపాయింట్‌మెంట్ ఇచ్చారు. ఇప్పుడు భయంగా ఉంది, వెళ్లాక గొడవ అవుతుందా?

పద్మజ_న్యూర్న్‌బెర్గ్
గొడవేం కాదు లావణ్య గారూ, కానీ ముందే ఫోన్ చేసి చెప్పేయండి. "మైన్ ఫాటర్ ఇస్ట్ ట్సూ బెజూఖ్, ఎర్ హాట్ ఐనె రైజెక్రాంకెన్‌ఫెర్‌జిషెరుంగ్" అంటే సరిపోతుంది. మామూలుగా ఆయన్ని జెల్ప్‌స్ట్‌సాలర్‌గా రాసుకుంటారు. బిల్లు మీరు కట్టి, తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర క్లెయిమ్ చేసుకోవాలి. అయితే ముందు నుంచీ ఉన్న షుగర్‌కి ట్రావెల్ పాలసీ డబ్బులిస్తుందా లేదా అన్నది పాలసీ కాగితాల్లోనే చూసుకోవాలి. చాలా పాలసీలు పాత జబ్బుల్ని పక్కన పెడతాయి. ఖర్చు ఎంతవుతుందో ఫోన్‌లోనే అడగండి: "వాస్ కోస్టెట్ దాస్ ఉంగెఫేర్?"

నాన్నగారి పాత ప్రిస్క్రిప్షన్ తీసుకెళ్లండి. మన దగ్గర మాత్రల బ్రాండ్ పేరు ఇక్కడ ఎవరికీ తెలీదు, లోపలి మందు పేరు కావాలి.

శ్రీను_హాంబుర్గ్
సాయి భయ్యా, దీనికి అంత దూరం వెళ్లడం దేనికి? ఫోన్‌లోనే సిక్ లీవ్ ఇచ్చేస్తారుగా ఇప్పుడు. నాకు జలుబు చేస్తే అలాగే ఇచ్చారు.

కిరణ్_లైప్‌త్సిగ్
శ్రీనూ, అతను సిక్ లీవ్ అడగట్లేదు, నడుం చూపించుకోవాలంటున్నాడు. పైగా ఫోన్‌లో క్రాంక్‌ష్రైబుంగ్ 2023 డిసెంబర్‌లో పర్మనెంట్‌గా పెట్టినా, అది ఆ ప్రాక్సిస్‌కి ఇప్పటికే తెలిసిన పేషెంట్లకే, తీవ్రమైన లక్షణాలు లేనప్పుడే, అదీ ఐదు రోజుల దాకే. ఇతను కొత్త పేషెంట్.

సాయి_కెమ్నిట్స్
అప్‌డేట్: పొద్దున ఫోన్ చేశాను. మొదటి ప్రాక్సిస్‌లో "ఔఫ్‌నామెష్టోప్" అన్నారు, కొత్తవాళ్లని తీసుకోవట్లేదని, అక్క చెప్పినట్టు ముందే అడిగాను కాబట్టి అర నిమిషంలో తేలిపోయింది. రెండో చోట అపాయింట్‌మెంట్ ఇచ్చారు. ప్రశ్నలన్నీ దాదాపు ఇదే వరుస, నాకే ఆశ్చర్యమేసింది. కానీ టైమ్ దగ్గర డౌట్. ఆవిడ "ఫియర్టెల్ నోయ్న్" అంది. తొమ్మిదింబావు అనుకుని "నోయ్న్ ఊర్ ఫ్యున్ఫ్‌సేన్?" అని అడిగితే నవ్వి "నైన్, అఖ్ట్ ఊర్ ఫ్యున్ఫ్‌సేన్" అంది. ఎనిమిదింబావా? ఆవిడే పొరపాటు పడిందా?

కిరణ్_లైప్‌త్సిగ్
ఆవిడ కరెక్టే. సాక్సనీకి స్వాగతం తమ్ముడూ! ఇక్కడ "ఫియర్టెల్ నోయ్న్" అంటే తొమ్మిదో గంటలో పావు వంతు గడిచింది, అంటే 8:15. "హాల్ప్ నోయ్న్" సగం గడిచింది, 8:30. "డ్రైఫియర్టెల్ నోయ్న్" ముప్పావు గడిచింది, 8:45. కోర్సులో నేర్పే "ఫియర్టెల్ నాఖ్ అఖ్ట్" కూడా అదే 8:15. హాంబుర్గ్‌లో ఎవరితోనైనా "ఫియర్టెల్ నోయ్న్" అంటే వాళ్లూ నీలాగే తెల్లమొహం వేస్తారు.

పద్మజ_న్యూర్న్‌బెర్గ్
మా వైపు కూడా "డ్రైఫియర్టెల్" బాగా వినపడుతుంది. అందుకే టైమ్ ఎలా చెప్పినా నువ్వు గంటలు నిమిషాల్లోకి మార్చి తిరిగి అడగాలి. నువ్వు అడక్కపోతే గంట ఆలస్యంగా వెళ్లేవాడివి. తేదీలోనూ అంతే. "హోయ్టె ఇన్ అఖ్ట్ టాగెన్" అంటే ఎనిమిది రోజులు లెక్కపెట్టకు, వచ్చే వారం ఇదే రోజు అని అర్థం. ఎవరైనా అలా అంటే "అల్జో ఆమ్..." అని తేదీ చెప్పి ఖాయం చేసుకో.

ఔఫ్‌నామెష్టోప్ ఉన్నచోట "క్యోన్‌టెన్ జీ మియర్ ఐనె ఆండెరె ప్రాక్సిస్ ఎంప్‌ఫేలెన్?" అని అడగడం కూడా అలవాటు చేసుకో, చుట్టుపక్కల ఎవరు తీసుకుంటున్నారో మాకు తెలుస్తూనే ఉంటుంది. ఎక్కడా దొరక్కపోతే 116117కి చేయొచ్చు, అపాయింట్‌మెంట్ వెతికిపెడతారు. ప్రాక్సిస్‌లు మూసేశాక అర్జంటైనా అదే నంబర్. నడుం నొప్పితో కాళ్లు మొద్దుబారినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకు, 112.

మాధవి_ష్టుట్‌గార్ట్
నాదో అనుభవం. నేను మొదట్లోనే "మైన్ డోయ్చ్ ఇస్ట్ నోఖ్ నిష్ట్ జో గూట్" అని చెప్పేస్తాను. వెంటనే నెమ్మదిస్తారు. మొదటి వాక్యమే బట్టీ పట్టి గడగడా చెబితే మనకి భాష బాగా వచ్చనుకుని ఇంకా స్పీడు పెంచుతారు.

నిజామాబాద్_బాబు
నాకు ఉల్టా అయింది. అలా అనగానే "జర్మన్ వచ్చినవాళ్లని తోడు తెచ్చుకోండి" అని పెట్టేశారు. అప్పటి నుంచి ఆ మాట ఎత్తను. అర్థం కాని చోట నెమ్మదిగా చెప్పమంటాను, అంతే.

పద్మజ_న్యూర్న్‌బెర్గ్
నేనైతే మాధవి గారి వైపే, నాకు ముందే తెలిస్తే నయం. కానీ అన్ని ప్రాక్సిస్‌లూ ఒకేలా ఉండవు, బాబు చెప్పినట్టూ జరుగుతుంది. సోమవారం పొద్దున ఎనిమిదింటికి చేసి ఈ మాట అంటే నేనూ విసుక్కుంటానేమో, వారమంతటికీ ఆ గంటే నరకం. అర్జంటు కాకపోతే మంగళవారమో గురువారమో పదింటి తర్వాత చేయండి. బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం చాలాచోట్ల మూసేస్తారు.

లావణ్య_ఫ్రాంక్‌ఫుర్ట్
ఫోన్ చేసి చెప్పేశాను పద్మజ గారూ. జెల్ప్‌స్ట్‌సాలర్ అని మార్చుకున్నారు, ఖర్చు డాక్టర్ చూశాకే చెబుతామన్నారు. ఇంకో చిన్న డౌట్: నాన్నగారికి కళ్లు కూడా చూపించాలి. దానికి హౌస్‌ఆర్ట్స్ట్ దగ్గర యూబర్‌వైజుంగ్, అంటే రిఫరల్ చీటీ, తీసుకోవాలా?

పద్మజ_న్యూర్న్‌బెర్గ్
కంటి డాక్టర్‌కి యూబర్‌వైజుంగ్ అక్కర్లేదు, నేరుగా ఫోన్ చేయొచ్చు. కాకపోతే కంటి డాక్టర్ల దగ్గర అపాయింట్‌మెంట్లు నెలల తర్వాతకి ఇస్తారు. నాన్నగారు తిరిగి వెళ్లే తేదీ ముందే చెప్పి, "ఫాల్స్ యేమాండ్ ఆబ్‌జాక్ట్, రూఫెన్ జీ మిష్ బిట్టె ఆన్" అనండి. ఎవరైనా క్యాన్సిల్ చేస్తే నాకు ఫోన్ చేయండి అని. మా దగ్గర అలా చెప్పినవాళ్ల నంబర్లు ఒక చీటీ మీద రాసి మానిటర్‌కి అంటిస్తాం.